రెప్ప అంచున పెట్టుకునే కాటుకను ఎంచుకోవడం ఎలా? కాటుక, సుర్మా, కాజల్ మధ్య తేడా తెలుసుకోవడానికి ఒక సమగ్ర మార్గదర్శి

మా మేనకోడలు పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు, పుట్టబోయే బిడ్డకు ఏ కాటుక పెట్టాలన్న మాట వచ్చి, ఇంట్లో ఉన్న కాటుకలన్నీ ఒకచోట చేర్చి చూశాము. నాలుగు రకాలు దొరికాయి. ఒకటి మా అత్తయ్యగారు ఆముదపు దీపం మీద పట్టి, ఇత్తడి భరిణెలో దాచిన కాటుక. రెండోది పొరుగింటి పెద్దావిడ హజ్ యాత్ర నుంచి వచ్చి ఎంతో అభిమానంగా ఇచ్చిన సుర్మా సీసా. మూడోది ఆయుర్వేద కాటుక డబ్బా. నాలుగోది మేనకోడలు రోజూ వాడే, తిప్పితే పైకి వచ్చే కాజల్ పుల్ల. నాలుగూ నల్లగానే ఉన్నాయి, నాలుగింటినీ ఇంట్లో అందరూ కాటుక అనే పిలుస్తున్నారు. కానీ వీటిలో నలుపునిచ్చే పదార్థం ఒకటి కాదు, వాటితో వచ్చే ప్రమాదమూ ఒకటి కాదు. ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించిన క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఉన్నవాటికీ, రేపు దుకాణంలో కొనబోయేదానికీ ఇదే క్రమం పనికివస్తుంది.

ముందుగా: రెప్ప అంచు చర్మం వంటిది కాదు

కింది రెప్పను వేలితో కాస్త కిందికి లాగి అద్దంలో చూసుకుంటే, వెంట్రుకల వరుసకూ కనుగుడ్డుకూ మధ్య తడిగా, లేత గులాబీ రంగులో సన్నని గట్టు కనిపిస్తుంది. వాటర్‌లైన్ అని ఇప్పుడు అందరూ అంటున్నది దీన్నే. ఇంకాస్త పరికించి చూస్తే ఆ గట్టు మీద సూదిమొనంత చుక్కలు వరుసగా ఉంటాయి. అవి మైబోమియన్ గ్రంథుల నోళ్ళు. కింది రెప్పలో ఇవి ఇరవై నుంచి ముప్పై దాకా ఉంటాయి, పై రెప్పలో ఇంకొన్ని ఎక్కువ. ఇవి స్రవించే పలుచని నూనె కన్నీటి పైన పొరలాగా పరుచుకుని, కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడుతుంది. మనం కాటుక గీసేది సరిగ్గా ఈ నోళ్ళ మీదనే.

కన్ను ఆర్పినప్పుడల్లా రెప్ప అంచు కన్నీటితో కడగబడుతుంది కాబట్టి అక్కడ పెట్టినది అక్కడే నిలవదు. 2015లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో మెరుపు రేణువులున్న ఐలైనర్‌ను వెంట్రుకల వరుసకు బయటా లోపలా గీసి, రేణువుల కదలికను వీడియో తీసి చూశారు. లోపల గీసినప్పుడు ఐదు నిమిషాల్లోనే, బయట గీసినప్పటికంటే 15 నుంచి 30 శాతం ఎక్కువ రేణువులు కన్నీటి పొరలోకి చేరాయి. అలా చేరినది కన్నీటితో పాటు ముక్కు వైపు మూలకు కొట్టుకొస్తుంది. అక్కడ రెప్ప చివర చిన్న రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలోకి పోయిన కన్నీరు సన్నని నాళం గుండా ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి దిగుతుంది. కంట్లో మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తెలియడం మనందరి అనుభవమే కదా, దారి అదే. కనుక రెప్ప అంచున పెట్టే కాటుకలో కొంత మింగుతున్నామనే లెక్క వేసుకుని ఎంచుకోవాలి. ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టుకూ ఆధారం ఈ ఒక్క విషయమే.

మొదటి మెట్టు: నలుపు దేని నుంచి వచ్చిందో కనుక్కోవడం

కాటుకకు నలుపు ఇచ్చేవి ముఖ్యంగా మూడు. దీపపు మసి ఒకటి, అది కర్బనం. యంత్రాల మీద శుద్ధంగా తయారయ్యే నల్ల ఇనుప ఆక్సైడు గానీ, శుద్ధి చేసిన కార్బన్ బ్లాక్ గానీ రెండోది. కంపెనీల కాజల్‌లో ఉండేవి ఇవే. మూడోది రాయిని నూరిన పొడి, అంటే సుర్మా. అసలు ఆందోళన పడవలసింది ఈ మూడోదాని గురించి.

సుర్మా అంటే అంజనపు రాయి అనీ, అది ఆంటిమొనీ అనే ఖనిజమనీ పాత గ్రంథాలలో కనిపిస్తుంది. కానీ ఇప్పుడు మన దేశంలోనూ, పాకిస్తాన్‌లోనూ, అరబ్బు దేశాలలోనూ, ఆఫ్రికాలోనూ సుర్మా, కోల్, తిరో వంటి పేర్లతో అమ్ముతున్న పొడులను ప్రయోగశాలల్లో పరీక్షించినప్పుడు చాలావాటిలో తేలింది గెలీనా. అది సీసపు సల్ఫైడు, సీసపు ముడి ఖనిజం. శుద్ధమైన గెలీనాలో బరువు ప్రకారం దాదాపు 87 శాతం సీసమే ఉంటుంది. ఇది కల్తీ వల్ల వచ్చిన దోషం కాదన్న సంగతిని గట్టిగా పట్టుకోవాలి. అమ్మేవాడు మోసగాడు కానక్కరలేదు, కొనేవాడు చవకరకం కొని ఉండనక్కరలేదు. ఆ రాయే సీసం. మేలురకం, అసలైన రాయి అని ఎంత ఎక్కువ ధర పెట్టి కొంటే అంత శుద్ధమైన సీసపు పొడి చేతికి రావచ్చు.

అమెరికాలోని బోస్టన్‌లో 2011లో నైజీరియా మూలాలున్న ఆరు నెలల పసిబిడ్డ రక్తంలో సీసం డెసిలీటరుకు 13 మైక్రోగ్రాములు ఉన్నట్టు తేలింది. కారణం వెతికితే, బిడ్డ కళ్ళకు పెడుతున్న తిరో అనే పొడిలో 82.6 శాతం సీసం ఉంది. రెండేళ్ళ తరువాత న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో, అఫ్ఘానిస్తాన్ నుంచి తెచ్చిన కాటుకలో 54 శాతం సీసం కనబడింది. మన దేశపు నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాలలో వాడే కృత్రిమ రంగులలో సీసం పది లక్షల వంతులలో 20 వంతులకు మించకూడదు. 54 శాతం అంటే పది లక్షల వంతులలో 5,40,000 వంతులు. అనుమతించిన హద్దుకు 27,000 రెట్లు. ఇది కాస్త ఎక్కువో తక్కువో అని సర్దుకునే తేడా కాదు. సీసపు సమ్మేళనాలను రంగు కోసం సౌందర్య సాధనాలలో వాడడాన్నే మన చట్టం నిషేధించింది. అమెరికాలో అయితే కోల్‌ను రంగుపదార్థంగా అనుమతించనే లేదు. అక్కడ ఉంటున్న మన పిల్లలకు పార్శిల్‌లో సుర్మా పంపేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పిల్లల విషయంలో ఇది మరీ తీవ్రం కావడానికి కారణం ఉంది. పెద్దవారి పేగులు మింగిన సీసంలో పదో వంతు మాత్రమే పీల్చుకుంటే, చిన్నపిల్లల పేగులు దాదాపు సగం పీల్చుకుంటాయి. ఇనుము లోపం ఉన్న పిల్లలు ఇంకా ఎక్కువ పీల్చుకుంటారు. మన ఇళ్ళలో రక్తహీనత ఎంత సాధారణమో మనకు తెలిసిందే. పసివాళ్ళు కళ్ళు నులుముకుంటారు, అదే చేతిని నోట్లో పెట్టుకుంటారు. గర్భిణి రక్తంలోని సీసం మాయను దాటి కడుపులోని బిడ్డను చేరుతుంది. మా మేనకోడలి విషయంలో మేము సుర్మా సీసాను ముందుగా పక్కకు తీయడానికి కారణం ఇదే.

రెండో మెట్టు: ఇంట్లో చేసే పరీక్షలను నమ్మకపోవడం

చేతిలో ఉన్నది మసో, రాతిపొడో కొంతవరకు పోల్చుకోవచ్చు. మా ఇంటి సుర్మా సీసానూ, అత్తయ్యగారి భరిణెనూ పక్కపక్కన పెట్టి చూశాను. సీసా బొటనవేలంతే ఉన్నా అరచేతిలో పెట్టుకుంటే ఇంత చిన్న వస్తువుకు ఇంత బరువా అనిపించింది. ఆ పొడిని తెల్లకాగితం మీద చిటికెడు రాల్చి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచితే, నలుపులో బూడిద రంగు జీర, మధ్యమధ్య సన్నని లోహపు తళుకు కనిపించాయి. భరిణెలోని మసి అలా కాదు. వెలుతురును మింగేసినట్టు మసకగా ఉండి, తాకితే వెన్నలాగా వేలికి అంటుకుంది. బరువు, తళుకు ఉంటే అనుమానించాలి. అవి లేనంత మాత్రాన భయం లేదని మాత్రం అనుకోకూడదు, ఎందుకంటే మెత్తగా నూరిన పొడిని నూనెలోనో మైనంలోనో కలిపితే ఆ తళుకు కనపడదు.

నీళ్ళలో వేస్తే మునిగేది రాయి, తేలేది మసి అని కొందరు చెబుతారు. ఇది నమ్మదగినది కాదు. గెలీనా పొడికి తడి అంటని గుణం ఉంది. గనుల్లో దానిని వేరు చేసేదే, రసాయనాల సాయంతో ఆ గుణాన్ని పెంచి, నీటి నురుగు మీద తేలించి. కాబట్టి మెత్తని సీసపు పొడి కూడా నీటి మీద తేలవచ్చు. రంగు మారితే సీసం ఉన్నట్టు అని అమ్మే పరీక్ష పుల్లలు పెయింట్ల కోసం చేసినవి. నల్లని పొడిలో ఆ రంగు మార్పు కనిపించడమే కష్టం, పైగా సల్ఫైడు రూపంలోని సీసం అంత సులభంగా కరగదు. పుల్ల రంగు మారలేదు కాబట్టి సీసం లేదని తీర్మానించడం ప్రమాదం. ఎక్స్-రే ఫ్లోరసెన్స్ వంటి యంత్రంతో ప్రయోగశాలలో చేసే పరీక్ష ఒక్కటే నికరమైన జవాబు ఇస్తుంది. ఒక్క సీసా కోసం అంత శ్రమ పడడం కన్నా, రాతిపొడి అయితే వాడకపోవడమే మేలు.

సీసా మీద ‘సీసం లేదు’ అని రాసి ఉంటే నమ్మవచ్చా అన్నది తరువాతి ప్రశ్న. ఆ మాట పక్కన తయారీదారు పూర్తి చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా ఉన్నాయా అని చూడండి. అవేవీ లేని సీసా మీద ఆ ఒక్క మాటకు పూచీ పడేవారు లేరు.

పొరుగింటావిడకు ఈ విషయం చెప్పేటప్పుడు, ఆమె ఆచారాన్ని తప్పుపట్టినట్టు కాకుండా చూసుకున్నాము. సుర్మా పెట్టుకోవడం వారికి భక్తితో ముడిపడినది. రాతిలో ఉన్న సీసానికి ఆ భక్తితో సంబంధం లేదు. ఆమె శ్రద్ధగా విని, తన మనవలకు పెట్టడం ఆపేస్తానని తానే అన్నారు.

మూడో మెట్టు: భరిణెలోని కాటుక సంగతి

మన ఇళ్ళలో కాటుక పట్టే పద్ధతి తెలిసినదే. శుభ్రమైన తెల్లగుడ్డను పొన్నగంటి ఆకు పసరులోనో, నందివర్ధనం పూల రసంలోనో తడిపి నీడన ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదంతో దీపం పెడతారు. దాని మీద కంచు పళ్ళెమో రాగి పళ్ళెమో బోర్లిస్తారు. తెల్లవారేసరికి పళ్ళానికి పట్టిన మసిని గీకి, రెండు చుక్కల ఆముదమో నెయ్యో కలిపి భరిణెకు ఎత్తుతారు. ఇందులో సుర్మాలో ఉన్నట్టు సీసం ఉండదు. సుర్మాను గురించి చెప్పిన మాటలన్నీ తెచ్చి అమ్మమ్మ కాటుకకు అంటగట్టడం అన్యాయం. మా అత్తయ్యగారు బాధపడుతూ, “మీ అందరికీ ఇదే పెట్టి పెంచాను కదమ్మా, ఏమైంది?” అని అడిగినప్పుడు నేను ముందుగా ఒప్పుకున్నది ఈ సంగతే.

అయినా రెప్ప అంచుకు ఇది తగదని నేను అనుకోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. ఇంటి దీపపు మసి శుద్ధి చేసినది కాదు, నూనె సగం కాలినప్పుడు ఏర్పడే హానికరమైన హైడ్రోకార్బన్లు అందులో ఉంటాయి. వత్తి బూడిద, పళ్ళెం గీకినప్పుడు రాలే లోహపు రేణువులు కలుస్తాయి. పళ్ళానికి కళాయి పూసి ఉంటే, ఆ కళాయిలో తగరంతో పాటు సీసం కలిపి ఉండవచ్చు కాబట్టి, సీసం లేదన్న ధైర్యం కూడా అక్కడ సడలిపోతుంది. నెయ్యి కలిపిన కాటుకలో క్రిములను ఆపే పదార్థమేదీ ఉండదు. ఒకే భరిణెలో ఇంటిల్లిపాదీ వేలు పెట్టి తీసుకుంటే, ఒకరి కండ్లకలక అందరికీ చేరడానికి అంతకంటే సులభమైన దారి లేదు. చల్లదనానికని కర్పూరం కలపడం మరో పొరపాటు. పసివాళ్ళ ఒంట్లోకి చేరితే కర్పూరం మూర్ఛలు తెప్పించగలదు.

పెద్దవారెవరైనా ఇంటి కాటుకే కావాలంటే నేను చెప్పేది ఇది. కళాయి లేని స్టీలు పళ్ళెం వాడండి. ఒక నెలకు సరిపడేంత మాత్రమే పట్టండి. ఎవరిది వారికి వేరే చిన్న డబ్బాలో పెట్టండి. వేలితో కాక శుభ్రమైన దూది పుల్లతో తీసుకోండి. రెప్ప అంచు మీద కాక వెంట్రుకల వరుసకు బయట మాత్రమే పెట్టుకోండి.

పసిబిడ్డల కళ్ళకు మాత్రం ఏ కాటుకా వద్దు. కాటుకతో కళ్ళు పెద్దవవుతాయన్నది నిజం కాదు. పుట్టినప్పుడు పదహారు పదిహేడు మిల్లీమీటర్లు ఉండే కనుగుడ్డు, పెద్దయ్యేసరికి ఇరవై నాలుగు మిల్లీమీటర్లకు తనంతట తానే ఎదుగుతుంది. పైగా చాలామంది శిశువులలో కన్నీటి నాళం మొదట్లో పూర్తిగా తెరుచుకుని ఉండదు, కన్ను ఊరికే నీరు కారుతూ, పుసి కడుతూ ఉంటుంది. అటువంటి కంట్లో కాటుక పెడితే క్రిములకు చోటు ఇచ్చినట్టే. దిష్టి చుక్క కోసం మనకు మంచి సంప్రదాయమే ఉంది. సగ్గుబియ్యాన్ని నల్లగా మాడ్చి, నీళ్ళు పోసి ఉడికించి, కొబ్బరి చిప్పలో ఆరబెట్టే చాదు. మా ఇంట్లో చివరకు బిడ్డకు పెట్టినది అదే, అదీ చెవి వెనుక, కణతకు దూరంగా. అరికాలికి పెట్టలేదు, ఎందుకంటే నాలుగో నెల దాటితే పిల్లలు కాలి బొటనవేలిని కూడా నోట్లో పెట్టుకుంటారు.

నాలుగో మెట్టు: పెట్టె మీద ఏమి చదవాలి

దుకాణంలో కొనేటప్పుడు నేను పెట్టె ముందు వైపు చూడను. సహజమైనది, అలర్జీ రానిది, ఇరవై నాలుగు గంటలు నిలిచేది అన్న మాటలన్నీ అక్కడే ఉంటాయి. అలర్జీ రానిది అన్న మాటకు కచ్చితమైన ప్రమాణమేదీ లేదు. సహజమైనది అన్న మాటకు వస్తే, గెలీనా కూడా భూమిలో దొరికే సహజమైన రాయే.

వెనుక వైపు చూడవలసినవి కొన్నే. మొదట తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీ లోపల వాడాలన్నది, తయారీదారు చిరునామా. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవారి చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు. ఇవి లేకపోతే అక్కడితో ఆగిపోవాలి. ఉంటే పదార్థాల జాబితాకు వెళ్ళి, నలుపును వెతకాలి. అక్షరాలు సన్నగా ఉంటాయి కాబట్టి ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదవడం సులభం. సీఐ 77499 అన్నది నల్ల ఇనుప ఆక్సైడు, సీఐ 77266 అన్నది కార్బన్ బ్లాక్. ఈ రెండింటిలో ఏదో ఒకటి, లేదా రెండూ కనిపిస్తాయి. రెప్ప అంచుకు నేను ఇనుప ఆక్సైడు ఉన్నదాన్నే ముందు ఎంచుకుంటాను. దాని రేణువులు కంటి సాధనాలలో ఎంతో కాలంగా వాడుకలో ఉన్నవి, మసితో వచ్చే హైడ్రోకార్బన్ల చింత వాటితో లేదు. తళుకు కోసం మైకా రేకులు, మెరుపు పొడి కలిపిన రకాలను రెప్ప అంచుకు పూర్తిగా మానేయాలి. ఆ రేకుల అంచులు కంటి పొరను గీరుతాయి.

తరువాత చూడవలసింది మైనమూ నూనే. కాజల్ పుల్లలో కార్నౌబా మైనం, తేనెమైనం, ఆముదం వంటివి ఉండడం మామూలే. చెరగకుండా నిలిచే రకాలలో, పెట్టగానే ఆవిరయ్యే సిలికోన్ ద్రవాలూ, అవి ఆరాక బిగుసుకునే పొరా ఉంటాయి. రెప్ప బయట అది చక్కగా పనిచేస్తుంది. తడిగా ఉండే అంచు మీద మాత్రం ఆ పొర గట్టిగా పట్టక, పెచ్చులుగా లేచి కంట్లో పడుతుంది, రాత్రి తుడవడానికి గట్టిగా రుద్దవలసి వస్తుంది. సాయంత్రానికి కాస్త చెరిగే మెత్తని కాజల్‌ను లోపమున్నదని అనుకోకండి. రెప్ప అంచుకు అదే అనువైనది. నిల్వ పదార్థాల విషయానికి వస్తే, ఫార్మాల్డిహైడు విడుదల చేసే డీఎండీఎం హైడాంటోయిన్, క్వాటర్నియం-15 వంటివీ, బెంజాల్కోనియం క్లోరైడూ ఉన్నవాటిని పక్కన పెట్టడం మంచిది.

మా ఇంటి ఆయుర్వేద డబ్బా దగ్గర కాసేపు ఆగవలసి వచ్చింది. ఇటువంటి వాటికి ఔషధంగా వేరే లైసెన్సు ఉంటుంది, పదార్థాలు సంస్కృత పేర్లతో రాస్తారు. మా డబ్బా మీద యశద భస్మం అని ఉంది. యశదం అంటే జింకు, సీసం కాదు. భస్మం అన్న మాట చూసి భయపడనక్కరలేదు. కానీ నాగ భస్మం అని గానీ, సౌవీరాంజనం, స్రోతోంజనం వంటి అంజనపు రాళ్ళ పేర్లు గానీ ఉంటే వదిలేయాలి. ఆయుర్వేద పరిభాషలో నాగం అంటే సీసమే. మా డబ్బాలో అటువంటివి లేకపోయినా, వేలితో తీసుకునే గుండ్రటి డబ్బా కావడం, వాడవలసిన తేదీ దాటిపోవడం వల్ల దానిని పారేశాము. నాలుగింటిలో మిగిలినది మేనకోడలి పుల్ల ఒక్కటే.

ఐదో మెట్టు: పెట్టుకునే తీరు

కొత్త కాజల్‌ను మొదటి రోజే రెప్ప లోపల పెట్టవద్దు. మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు లేకపోతే ఒక సాయంత్రం వెంట్రుకల వరుసకు బయట గీసి చూడండి. అప్పుడు కూడా ఇబ్బంది లేకపోతేనే అంచుకు రండి.

పెట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు లెన్సు ముందు పెట్టుకుని, కాజల్ తరువాత గీసుకోవాలి, రాత్రి లెన్సు తీశాకే తుడుచుకోవాలి. తిప్పుడు పుల్ల అయితే కొనను ప్రతిసారీ శుభ్రమైన టిష్యూతో తుడిచి, పై పొర తీసేయాలి. చెక్క పెన్సిల్ అయితే చెక్కాక, కొన పక్కన పుల్ల పేడు ఏదైనా నిక్కి ఉందేమో వేలితో తడిమి చూడాలి, రెప్ప గీరుకుపోయేది ఎక్కువగా దానివల్లే. కింది రెప్పకు మాత్రమే, ఒకే పొర, ఒత్తకుండా గీయండి. ముక్కు వైపు మూలలో కొంత భాగం ఖాళీగా వదలండి. కన్నీరు దిగే రంధ్రం అక్కడే ఉందని పైన చెప్పుకున్నాము. రెప్ప పొడవునా గీయాలన్న అలవాటు ఉన్నవారికి ఇది మొదట్లో వెలితిగా అనిపిస్తుంది కానీ, ఎదుటివారికి ఆ తేడా కనపడదు.

రాత్రి తుడవకుండా పడుకోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నూనె లేని క్లెన్సర్‌తో తడిపిన దూదిని మూసిన రెప్ప మీద పది పదిహేను సెకన్లు ఆనించి ఉంచి, తరువాత అంచు వెంబడి ఒకసారి మెల్లగా లాగితే చాలు, రుద్దనక్కరలేదు. పుల్లను తెరిచిన తేదీని దాని మీదే రాసుకోండి. తెరిచిన డబ్బా బొమ్మలో 6 అనో 12 అనో ఉన్న అంకె, తెరిచిన తరువాత ఎన్ని నెలలు వాడవచ్చో చెబుతుంది. రెప్ప అంచుకు వాడేదైతే నేను ఆరు నెలలు దాటనివ్వను. కండ్లకలక, కురుపు వచ్చినప్పుడు వాడిన పుల్లను జబ్బు తగ్గాక మళ్ళీ తీయకూడదు, పారేయాలి. కంటి శస్త్రచికిత్స అయినవారు వైద్యుడు అనుమతించేదాకా ఏదీ పెట్టుకోకూడదు.

తేడా వస్తోందని ఎలా తెలుస్తుంది

మొదట కనిపించేవి చిన్నవే. సాయంత్రానికి కళ్ళు మండడం, చూపు మసకబారి రెప్ప ఆర్పగానే తేరుకోవడం, రెప్ప అంచున సబ్బు నురుగులాంటి బుడగలు, పొద్దున కంటి మూలలో నల్లటి దారంలాంటి పుసి. నూనె గ్రంథుల నోళ్ళు పూడుకుపోతున్నాయనడానికి ఇవి గుర్తులు. కాజల్‌ను రెండు వారాలు పూర్తిగా ఆపి, గోరువెచ్చని నీటిలో పిండిన శుభ్రమైన గుడ్డను రోజుకు రెండుసార్లు, ఐదు నుంచి పది నిమిషాలు మూసిన రెప్పల మీద ఉంచితే చాలావరకు తగ్గుతుంది. ఏళ్ళ తరబడి పెట్టుకున్నవారిలో కింది రెప్ప లోపలి ఎర్రని పొరలో నల్లని చుక్కలు దిగబడిపోయి ఉండవచ్చు, వాటిని గీకి తీయాలని ప్రయత్నించకూడదు. కంటి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, ఆర్పినా తేరుకోని మసక ఉంటే ఆ రోజే కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.

సీసం విషయంలో ఇటువంటి గుర్తుల కోసం ఎదురుచూడకూడదు. చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనపడదు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత వచ్చినా వేరే కారణాలకు ఆపాదిస్తాము. సుర్మా పెట్టిన పిల్లలకూ, వాడిన గర్భిణులకూ రక్తంలో సీసం పరీక్ష చేయించడమే సరైన పని. వైద్యునితో సుర్మా మాట నోరు తెరిచి చెప్పాలి, అడగకపోయినా చెప్పాలి. వేలి కొన గుచ్చి తీసిన రక్తంలో, వేలికి అంటిన పొడే కలిసి తప్పుడు లెక్క రావచ్చు కాబట్టి నరం నుంచి తీయమని అడగాలి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే, సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా 2021 నుంచి పిల్లలకు ఈ హద్దును 3.5కు తగ్గించింది. సీసాన్ని బయటకు లాగే మందులు సాధారణంగా 45 దాటిన పిల్లలకే ఇస్తారు. అంతకు తక్కువైతే అసలు చికిత్స, మూలాన్ని ఆపడం, ఇనుము, కాల్షియం లోపాలను సరిచేయడం, కొన్ని వారాల తరువాత పరీక్షను మళ్ళీ చేయించడం.

మా ఇంటి సుర్మా సీసాను కడిగి వేరే పనికి వాడలేదు, పొడిని తూములో పోయలేదు. మూత బిగించి, రెండు ప్లాస్టిక్ సంచులలో కట్టి, పెయింటు డబ్బాలు, బ్యాటరీల వంటి ప్రమాదకర చెత్తతో పాటు విడిగా ఇచ్చాము. కాగితం మీద రాల్చి చూసిన చిటికెడు పొడినీ కాగితంతో సహా అందులోనే వేసి, బల్లను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ పారేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాము. మేనకోడలు గర్భంతో ఉన్న నెలల్లో ఆ సీసా తెరవలేదని చెప్పింది. అయినా వైద్యురాలికి విషయం చెప్పి, తరువాతి రక్త పరీక్షలో సీసం కూడా చూడమని రాయించుకున్నాము.